‘ఏ పనికి వాడుతున్నారు?’: ట్రాక్టరు, ట్రక్కు ఇన్సూరెన్సు క్లెయిములో నా అనుభవం

మోటారు క్లెయిమ్ ఫారంలో ఒక చిన్న గడి ఉంటుంది. ప్రమాదం జరిగినప్పుడు వాహనాన్ని ఏ పనికి వాడుతున్నారు అని అడుగుతుంది. కారుకైతే ఎవరూ దాన్ని పట్టించుకోరు. ట్రాక్టరుకి మాత్రం క్లెయిమ్ మొత్తం ఆ గడి మీదే నిలబడుతుంది. మా ఫారం నింపిన ఏజెంటు అందులో ‘గూడ్స్ ట్రాన్స్‌పోర్ట్’ అని రెండు ముక్కలు రాశాడు. చదవకుండా సంతకం పెట్టాను. ఆ రెండు ముక్కల వల్ల మూడు వారాల్లో తేలాల్సిన క్లెయిముకి రెండు నెలల పైన పట్టింది.

జరిగిందేమిటంటే, మా పొలంలో కోసిన వడ్లు నలభై బస్తాలు ట్రక్కులో వేసుకుని ట్రాక్టరు కొనుగోలు కేంద్రానికి బయలుదేరింది. (ట్రాలీ అనండి, ట్రెయిలర్ అనండి, మా వైపు ట్రక్కు అంటాం.) బస్తా డెబ్బై అయిదు కిలోల లెక్కన మూడు టన్నుల బరువు. కాలువ గట్టు మీద ఎదురుగా వచ్చిన బండికి దారి ఇవ్వబోతే ఎడమ వెనక చక్రం కింద గట్టు జారింది. ట్రక్కు ముందు ఒరిగి, హుక్కు దగ్గర మెలి పడి, ట్రాక్టరుని కూడా పక్కకి లాగేసింది. డ్రైవరు, బస్తాల మీద కూర్చున్న ఇద్దరు కూలీలు దూకేశారు, గీతలతో బయటపడ్డారు. బండి మాత్రం ఎడమ పక్కకి పడుకుని సగం నీళ్ళలో ఉంది.

పాలసీ కాగితం అంతకుముందు ఎప్పుడూ పూర్తిగా చదవలేదు. అప్పుడు చదివాక తెలిసిన సంగతి ఇది. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాక్టరంటే తనంతట తాను సరుకు మోయడానికి తయారు కాని వాహనం. వ్యవసాయ ట్రాక్టరుగా రిజిస్టరైనది నాన్ ట్రాన్స్‌పోర్ట్ కింద ఉంటుంది. అయినా ఇన్సూరెన్సు వాళ్ళు దీన్ని కారు గాటన కట్టరు. కమర్షియల్ వాహనాల్లో ఇతర, ప్రత్యేక రకాలకని ఉన్న ‘క్లాస్ డి’లో పెడతారు. అందువల్ల కమర్షియల్ పాలసీకి ఉండే కోతలన్నీ దీనికీ వర్తిస్తాయి, పైగా వాడకం మీద ఒక గిరి గీసి ఉంటుంది. పాలసీలో బండి వివరాలు, ప్రీమియం రాసి ఉండే పేజీ షెడ్యూలు. అందులో ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అనే శీర్షిక కింద, వ్యవసాయ, అటవీ పనులకు మాత్రమే, అద్దెకీ ప్రతిఫలానికీ వాడితే వర్తించదు అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. కొత్త పాలసీ చేతికి రాగానే ముందు చదవాల్సింది ప్రీమియం అంకె కాదు, ఈ వాక్యం.

ఇక ట్రక్కు. చట్టం దృష్టిలో అది ట్రాక్టరులో భాగం కాదు, వేరే వాహనం. దానికి వేరే రిజిస్ట్రేషన్ నంబరు, వేరే ఛాసిస్ నంబరు, ఇన్సూరెన్సులో వేరే ప్రీమియం ఉంటాయి. ట్రాక్టరు పాలసీ ఉంది కదా, వెనక తగిలించినదానికీ అదే సరిపోతుందనుకుంటే పొరపాటు. షెడ్యూలులో ట్రెయిలర్ అన్న వరసలో దాని నంబరు కనపడాలి. మాకు కనపడింది. అయితే దాని పక్కన థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రమే కట్టినట్టు ఉంది, ఓన్ డ్యామేజి దగ్గర సున్నా. అంటే ట్రక్కు ఎవరినైనా గుద్దితే కంపెనీ చూసుకుంటుంది, ట్రక్కు తనే వంగిపోతే మన ఖర్చు. పక్క తలుపులు, అడుగు ఛానెల్ సరిచేయించడానికి తొమ్మిది వేలయింది, అందులో రూపాయి రాలేదు. ట్రక్కుకి, గొర్రు, రోటవేటర్ లాంటి పనిముట్లకి ఓన్ డ్యామేజి కావాలంటే ఒక్కొక్కదాని విలువ రాయించి పాలసీకి అదనంగా చేర్చే ఐఎంటీ 48 అనే ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. అది వేయించినా ట్రక్కులో ఉన్న సరుకు అందులోకి రాదు. తడిసిన వడ్లకి మోటారు పాలసీలో ఎక్కడా చోటు లేదు.

ఊళ్ళో వెల్డింగ్ షెడ్డులో చేయించుకున్న ట్రక్కులది ఇంకో బాధ. ఆమోదం పొందిన డిజైను కాకపోతే రిజిస్ట్రేషన్ అవదు, నంబరు లేనిది షెడ్యూలుకెక్కదు. అలాంటి ట్రక్కు లాగుతుండగా మనిషి పోతే, ఇన్సూరైన ట్రాక్టరు వల్ల జరిగిందా, ఇన్సూరెన్సు లేని ట్రక్కు వల్ల జరిగిందా అన్న వాదన ట్రిబ్యునల్లో ఏళ్ళ తరబడి సాగుతుంది.

బండి పడ్డ రోజు చేసిన పనులు వరసగా చెబుతాను. ముందు కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకున్నాను. బండి నీళ్ళలో ఉంది, చీకటి పడేలోపు తీయకపోతే ఇంజన్లోకి ఇంకా నీళ్ళు వెళతాయి. నష్టం చూడటానికి కంపెనీ పంపే సర్వేయరు మర్నాడు గానీ రాలేనన్నాడు. పోనీ తియ్యొచ్చా అని అడిగితే, ఫోటోలు తీసి తియ్యండి అని ఫోన్లోనే అన్నాడు. ఆ మాటనే వాట్సాప్‌లో రాయమని అడిగి తీసుకున్నాను. ఫోటోల్లో తప్పనిసరిగా ఉండాల్సినవి నాలుగు: రెండు నంబరు ప్లేట్లూ, పడిన చోటు దూరం నుంచి, జారిన గట్టు దగ్గర నుంచి, బస్తాలతో సహా ట్రక్కు. చివరిదే తర్వాత బాగా అక్కరకొచ్చింది.

తీశాక ఒక్క పని చేయకూడదు. నీళ్ళలో మునిగిన ఇంజన్ని తాళం తిప్పి చూడకూడదు. సిలిండర్లోకి నీరు చేరితే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బండి పడటం ప్రమాదం, కానీ ఆ తర్వాత స్టార్టు చేసి రాడ్డు వంచుకోవడం మన అజాగ్రత్త అంటారు, ఆ ఇంజన్ పని బిల్లులోంచి కొట్టేస్తారు. డీజిల్, ఇంజనాయిల్ దింపి, ఇంజెక్టర్లు విప్పి చేత్తో తిప్పి చూసేదాకా షోరూం మెకానిక్ కూడా తాళం ముట్టుకోలేదు.

గీతలు తప్ప ఎవరికీ దెబ్బలు తగల్లేదు కాబట్టి ఎఫ్ఐఆర్ అవసరం పడలేదు, స్టేషన్లో జనరల్ డైరీ ఎంట్రీ వేయించాను. మనిషికి దెబ్బ తగిలినా, అవతలి బండి పాడైనా ఎఫ్ఐఆర్ లేకుండా ముందుకి పోదు.

సర్వేయరు వచ్చి బండి చుట్టూ తిరిగింది పది నిమిషాలు. మిగతా గంట ప్రశ్నలే.

“వడ్లు ఎవరివండీ?”

“మావే.”

“మొత్తం మీవేనా, పక్కవాళ్ళవి కలిశాయా?”

“మా నాలుగెకరాలవే.”

“బాడుగ ఎంత మాట్లాడుకున్నారు?”

సొంత వడ్లకి బాడుగేమిటండీ అన్నాను. ఆయన నవ్వి రాసుకున్నాడు. డ్రైవర్ని పక్కకి తీసుకెళ్ళి అవే ప్రశ్నలు మళ్ళీ అడిగాడు. ఇద్దరి మాటా ఒకటే అయితే ఆ సంగతి అక్కడితో తెగిపోతుంది. ఇదంతా సరిగ్గానే జరిగింది. పది రోజుల తర్వాత కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: ఫారంలో వాడకం గూడ్స్ ట్రాన్స్‌పోర్ట్ అని ఉంది, పాలసీ వ్యవసాయ పనికి ఇచ్చింది, క్లెయిమ్ ఎందుకు తిరస్కరించకూడదో పదిహేను రోజుల్లో చెప్పండి.

వాళ్ళు అలా అడగడంలో అర్థం లేకపోలేదు. 2004లో ఒక ట్రాక్టరు కేసులో సుప్రీంకోర్టు ఈ గీత ఎక్కడుందో చెప్పింది. ట్రాక్టరు వ్యవసాయానికి ఇన్సూరైతే, వెనక తగిలించిన ట్రక్కునీ వ్యవసాయానికే వాడాలి. కూరగాయలు పంటే కదా అని చెప్పి వేరొకరి వ్యాపారం సరుకు మోయడాన్ని వ్యవసాయ పని అనలేము అంది. కాబట్టి ట్రక్కులో ఉన్నది వడ్లా, ఇసుకా అన్నదొక్కటే ప్రశ్న కాదు. అవి ఎవరి వడ్లు, ఎవరి కోసం, డబ్బులకా అన్నది అసలు ప్రశ్న. మా వడ్లు మేం కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్ళడం పొలం పనికి కొనసాగింపు. అవే నలభై బస్తాలు ఒక వ్యాపారి కల్లాల దగ్గర కొని, బస్తాకింత అని మాట్లాడి మా ట్రాక్టరులో మిల్లుకి తోలించుకుంటే అది కిరాయి. గట్టు అదే, బండి అదే, బస్తాలూ అవే. క్లెయిమ్ మాత్రం వేరు.

జవాబు ఒక పేజీ రాసి దానికి నాలుగు కాగితాలు జత చేశాను. ఒకటి పట్టాదారు పాసు పుస్తకం నకలు. రెండోది ఆ సీజనుకి వరి వేసినట్టున్న అడంగల్. మూడోది కొనుగోలు కేంద్రంలో ముందే నా పేరున నమోదైన కాగితం, దాని మీద తేదీ ప్రమాదానికి ముందుది. నాలుగోది బస్తాలతో ట్రక్కు పడి ఉన్న ఫోటో. గూడ్స్ ట్రాన్స్‌పోర్ట్ అన్నది ఫారం నింపిన వ్యక్తి వాడిన మాటనీ, అసలు పని ‘సొంత పొలంలో పండిన వడ్లను పొలం నుంచి కొనుగోలు కేంద్రానికి చేర్చడం, బాడుగ లేదు’ అనీ రాశాను. ఫారంలో మొదటే రాసి ఉండాల్సిన వాక్యం ఇదే. కౌలు రైతులకి పాసు పుస్తకం ఉండదు కాబట్టి పంట సాగుదారు హక్కు పత్రం, అదే సీసీఆర్‌సీ కార్డు, తీసుకుని ఉంటే ఇక్కడ పనికొస్తుంది. నోటి కౌలు అయితే ఆ వడ్లు మనవని కాగితం మీద చూపడం నిజంగా కష్టం.

లైసెన్సు గురించి కూడా ఒక ప్రశ్న వేశారు కానీ అది తేలిగ్గా పోయింది. ఖాళీ బరువు 7,500 కిలోలు దాటని ట్రాక్టరు చట్టంలో లైట్ మోటార్ వెహికల్ కిందికే వస్తుంది, మా డ్రైవరుకి ఎల్ఎంవీ లైసెన్సు ఉంది. ట్రక్కు తగిలించినంత మాత్రాన ట్రాక్టరు నడిపే లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. లైసెన్సు గడువు తీరి ఉంటే మాత్రం ఈ మాటలేవీ పనిచేయవు. ఊళ్ళో ఎక్కువమంది డ్రైవర్ల ఇబ్బంది అదే.

జవాబు పంపాక క్లెయిమ్ కదిలింది. ఇక లెక్క. బండి వయసు రెండేళ్ళ ఎనిమిది నెలలు, పాలసీలో రాసిన బండి విలువ, అంటే ఐడీవీ, 4,90,000. షోరూం వర్కుషాపు ఎస్టిమేటు 66,000. అందులో ముందు యాక్సిల్, రేడియేటర్, సైలెన్సర్, డ్రాబార్ కలిపి ఇనప సామాను 34,000, బ్యాటరీ 6,000, మడ్‌గార్డు, బానెట్ పక్క రేకులు, హెడ్‌లైట్లు కలిపి 14,000, కూలి 12,000.

ఇనప సామానుకి బండి వయసుని బట్టి తరుగు తీస్తారు. రెండు నుంచి మూడేళ్ళ మధ్య బండికి అది 15 శాతం, అంటే 34,000లో 28,900 మిగిలింది. బ్యాటరీ, టైర్లు, రబ్బరు, ప్లాస్టిక్కులకి వయసుతో పని లేదు, సగానికి సగం. కాబట్టి బ్యాటరీకి 3,000. కూలికి తరుగు లేదు, 12,000 మొత్తం ఇచ్చారు. మడ్‌గార్డు, రేకులు, లైట్ల 14,000కి వచ్చింది సున్నా.

ఆ సున్నాకి కారణం మాకు తెలియదు గానీ పాలసీలో ఉంది. కమర్షియల్ పాలసీల్లో ఐఎంటీ 21 అనే షరతు ప్రకారం లైట్లు, టైర్లు, ట్యూబులు, మడ్‌గార్డులు, బానెట్ పక్క భాగాలు, బంపర్లు, ఆ మేరకు పెయింటు బండి పూర్తిగా నాశనమైతే తప్ప ఇవ్వరు. ట్రాక్టరు పక్కకి పడితే ముందు నలిగేవి సరిగ్గా అవే! అదనపు ప్రీమియం కట్టి ఐఎంటీ 23 వేయించుకుంటే అవి లోపలికి వస్తాయి, అప్పుడు కూడా వాటి లెక్కలో సగం మనమే భరించాలి. సగమైనా వేయించుకోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే దమ్ములోనూ గట్ల మీదా తిరిగే బండికి ఈ రేకుల దెబ్బలే ఎక్కువ.

బండిని కాలువలోంచి తీయడానికి జేసీబీకి 5,000 ఇచ్చాం. కమర్షియల్ పాలసీలో ఆ ఖర్చుకి పరిమితి 2,500. మొత్తం 46,400 అయింది. అందులోంచి షెడ్యూలులో రాసిన, మనమే భరించాల్సిన కంపల్సరీ ఎక్సెస్ 2,450, పాత సామాను విలువ 1,500 తీసేసి 42,450 చేతికి వచ్చింది. ట్రక్కు తొమ్మిది వేలు కూడా కలుపుకుంటే మా జేబులోంచి పెట్టినది 37,550, తడిసిన వడ్ల నష్టం ఇందులో కలపలేదు. అంత పోయినా ఇది మంచి క్లెయిమనే అంటాను. వాడకం విషయంలో ఓడిపోయి ఉంటే వచ్చేది సున్నా, లేదా షరతు మీరినా పూర్తిగా కొట్టెయ్యకుండా నాన్ స్టాండర్డ్ పద్ధతిలో ఇచ్చే 75 శాతం. 2010లో కిరాయికి తిప్పిన ఒక సొంత వాహనం కేసులో సుప్రీంకోర్టు అలా 75 శాతం ఇప్పించింది. తిరస్కరణ ఉత్తరం వస్తే ఆ తీర్పు ఆధారంగా అడగొచ్చు.

ఆ కూలీలిద్దరూ దూకలేకపోయి ఉంటే ఏమయ్యేదో తర్వాత ఆరా తీశాను. ట్రాక్టరు మీద డ్రైవరుకి తప్ప సీటు లేదు. మడ్‌గార్డు మీదా బస్తాల మీదా కూర్చున్నవాళ్ళని కంపెనీలు ఊరికే ఎక్కిన ప్రయాణికులుగా లెక్కకడతాయి, వాళ్ళ బాధ్యత మాది కాదంటాయి. చాలా కేసుల్లో కోర్టులు ముందు కంపెనీనే బాధితుడికి కట్టమని, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని అంటాయి. కుటుంబానికి డబ్బు అందుతుంది, కానీ అది మన పొలం మీద అప్పుగా తేలుతుంది. ఎక్కించడం, దించడం చేసే కూలీల కోసం ఐఎంటీ 39, డ్రైవరు కోసం ఐఎంటీ 28 అనే ఎండార్స్‌మెంట్లున్నాయి. మనిషికింత అని కట్టేది చిన్న మొత్తమే. రెన్యువల్లో రెండూ వేయించాను. అయినా బస్తాల మీద మనుషుల్ని ఎక్కించడం మానేశాం. ఎండార్స్‌మెంట్ ఉన్నంత మాత్రాన అక్కడ కూర్చోవడం సక్రమం అయిపోదు.

రోడ్డు మీద కాకుండా చేలో జరిగితే లెక్క ఇంకోలా ఉంటుంది. సొంత బండికి నష్టమైతే పొలమా రోడ్డా అని తేడా లేదు, చేలో బోల్తా పడినా, గడ్డివాము దగ్గర అంటుకున్నా, షెడ్డులోంచి దొంగలెత్తుకుపోయినా ఓన్ డ్యామేజి వర్తిస్తుంది. కానీ రోటవేటర్ బ్లేడు రాయికి తగిలి గేర్ బాక్సు పళ్ళు పోతే అది పని చేస్తూ అరగడం, విరగడం కిందికి నెట్టేస్తారు, ప్రమాదం అనరు. మనిషికి దెబ్బ తగిలితే మరీ చిక్కు. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ రక్షణ పబ్లిక్ ప్లేసులో వాడకానికి. జనానికి వెళ్ళే హక్కున్న చోటల్లా పబ్లిక్ ప్లేసే, డొంక దారి కూడా. కంచె వేసిన సొంత పొలం అలాంటి చోటేనా అన్నది ప్రతి కేసులోనూ కంపెనీ లేవనెత్తుతుంది. ట్రాక్టరు వెనక పనిముట్లని తిప్పే పీటీఓ షాఫ్టుకి పంచె చుట్టుకుని మనిషికి ప్రమాదం జరిగితే బండి అప్పుడు వాహనంగా కాక యంత్రంగా పని చేస్తోంది అంటారు. పాలసీలో ఐఎంటీ 49 ఉంటే అలా యంత్రంగా పనిచేసేటప్పటి బాధ్యతని, చట్టం తప్పనిసరి చేసిన మేరకు తప్ప, మినహాయించినట్టే. ఉందో లేదో షెడ్యూలు కింద వరసగా రాసిన నంబర్లలో చూసుకోవచ్చు.

పక్కవాళ్ళ పొలం డబ్బులకి దున్నడం సంగతేమిటని ఆ సర్వేయర్నే అడిగాను. పని వ్యవసాయమే, కానీ ప్రతిఫలం ఉంది, పాలసీ వాక్యంలో రెండూ కలిసే ఉన్నాయి కాబట్టి ఎటైనా వాదించొచ్చు అన్నాడు. ఊళ్ళో సగం ట్రాక్టర్లు ఆ పని చేసే కిస్తీలు కడతాయి మరి. రెన్యువల్ అప్పుడు బ్రాంచికి ఈమెయిల్ రాసి, ఇతర రైతుల పొలాల్లో దున్నకం పాలసీలోకి వస్తుందా అని అడిగాను. వస్తుందని ఒక వాక్యం జవాబు వచ్చింది, దాన్ని ప్రింటు తీసి పాలసీకి పిన్ను కొట్టాను. ఇసుక, ఇటుక, కంకర, గ్రావెల్ తోలుతామంటే ఈమెయిలు సరిపోదు. బండిని ట్రాన్స్‌పోర్ట్ కింద మార్పించి, ఫిట్‌నెస్, పర్మిట్ తీసుకుని, గూడ్స్ క్యారీయింగ్ పాలసీ రాయించుకోవాలి. ప్రీమియం పెరుగుతుంది. ఏడాదిలో పది ట్రిప్పులు తోలే పనైతే అది గిట్టదు, ఆ ట్రిప్పులు వదులుకోవడమే లెక్కకి సరిపోతుంది.

ఈసారి షెడ్యూలు వచ్చాక బల్ల మీద పెట్టుకుని ఆర్సీలతో సరిచూశాను. ట్రక్కు ఛాసిస్ నంబరులో ఒక అంకె తప్పు పడింది. ఫోన్ చేస్తే మూడు రోజుల్లో సవరించి పంపారు.